వికలాంగులా, దివ్యాంగులా, 'మతిస్థిమితం లేని వ్యక్తా'? వార్తలో ఏం రాయాలి

ప్రశ్న: నేను ఒక చిన్న వెబ్ పత్రికలో రిపోర్టర్‌ని. వికలాంగులు అని రాస్తే ఒకరు తప్పంటారు, దివ్యాంగులు అని రాస్తే ఇంకొకరు తప్పంటారు. పోలీసుల ప్రెస్‌నోట్‌లో "మతిస్థిమితం లేని వ్యక్తి" అని ఉంటే అలాగే వేసేయొచ్చా? ఏ మాటకు ఏ మాట వాడాలో ఒక లిస్టు ఇస్తారా?

జవాబు:

ఇరవై రెండేళ్లుగా తెలుగు డెస్కుల్లో కాపీ దిద్దుతున్నాను. మీరు అడిగిన లిస్టు నేనూ ఒకప్పుడు తయారుచేసి గోడకు అంటించాను. పెద్దగా పనిచేయలేదు, ఎందుకో కింద చెబుతాను. ముందు సూటిగా జవాబు.

వైకల్యానికీ ఆ వార్తకూ సంబంధం లేకపోతే అసలు రాయకండి. సంబంధం ఉంటే గంపగుత్త పేరు కాకుండా ఉన్న పరిస్థితిని ఉన్నట్టు రాయండి: "ఎడమ కాలికి పోలియో వచ్చిన", "పూర్తిగా చూపు లేని", "వీల్‌చైర్ వాడే". అందరినీ కలిపి చెప్పాల్సి వస్తే "వైకల్యం ఉన్నవారు" అనండి. చోటు తక్కువైతే "వికలాంగులు" అన్నా తప్పు కాదు. "దివ్యాంగులు", "విభిన్న ప్రతిభావంతులు" అనేవి శాఖ పేరులోనో, పథకం పేరులోనో, ఎవరైనా అన్న మాటలోనో ఉంటే అలాగే ఉంచండి. మీ సొంత వాక్యంలోకి తెచ్చుకోకండి. ఇక "మతిస్థిమితం లేని" అన్నది మీ గొంతుతో ఎప్పుడూ రాయొద్దు. ప్రెస్‌నోట్‌లో ఉన్నా రాయొద్దు.

ఈ చివరిదే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుంది. అందుకే ఎక్కువసేపు దాని దగ్గరే ఉంటాను.

ఒకసారి మా డెస్కుకు వచ్చిన ప్రెస్‌నోట్ ఇంచుమించు ఇలా ఉంది: "మతిస్థిమితం లేని ఒక వ్యక్తి గురువారం రాత్రి బస్టాండు వద్ద ఇద్దరిపై రాయితో దాడి చేసి గాయపరిచాడు. గత కొంతకాలంగా మానసిక వ్యాధితో బాధపడుతున్న సదరు వ్యక్తిని అదుపులోకి తీసుకున్నారు." కింద పేరు, వయసు, ఊరు. రాత్రి పదకొండు దాటింది, పేజీ వదిలే టైము. "సదరు" కొట్టేశాను, "అదుపులోకి తీసుకున్నారు" ముందు "పోలీసులు" చేర్చాను, "మతిస్థిమితం లేని వ్యక్తి దాడి" అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. దిద్దానని తృప్తి కూడా.

మూడో రోజు ఆయన కొడుకు ఆఫీసుకు వచ్చాడు. గొడవ పడలేదు. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం బల్ల మీద పెట్టాడు. ఆ రాత్రి ఆస్పత్రికి తెచ్చినప్పుడు ఆయన రక్తంలో చక్కెర 38. ఇన్సులిన్ తీసుకునే మనిషి, బస్సు ఆలస్యమై భోజనం చేయలేదు. చక్కెర అంతగా పడిపోతే మనిషికి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, ఎక్కడున్నాడో తెలియదు, పట్టుకోబోయినవాళ్ల మీద తిరగబడొచ్చు కూడా. చూసేవాళ్లకు తాగినట్టో, పిచ్చి పట్టినట్టో కనిపిస్తుంది. గ్లూకోజ్ ఎక్కించిన కాసేపటికి ఆయన మామూలు మనిషి. "గత కొంతకాలంగా మానసిక వ్యాధి" ఎక్కడి నుంచి వచ్చిందని స్టేషన్‌లో ఆరా తీస్తే, అక్కడ గుమిగూడిన వాళ్లలో ఎవరో అన్నారట. అది కానిస్టేబుల్ చెవిన పడి, రైటర్ చేతిలో వాక్యమై, నా చేతి మీదుగా హెడ్డింగ్ అయింది. ఈ దారిలో ఎక్కడా ఒక్క డాక్టరు లేడు.

ఆ రోజు నుంచి ఏ కాపీలోనైనా ఈ మాట కనిపిస్తే రిపోర్టర్‌కు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడుగుతున్నాను. ఈ మాట ఎవరన్నారు? వాళ్లకెలా తెలుసు, డాక్టరు చెప్పారా, ఇంట్లోవాళ్లు చెప్పారా, చూసి అనుకున్నారా? జరిగినదానికీ ఆ జబ్బుకూ సంబంధం ఉందని చెప్పే అర్హత ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పారా? ఇది అచ్చయితే ఆ మనిషికి అభ్యంతరం లేదా? సాధారణంగా రెండో ప్రశ్న దగ్గరే అవతల ఫోన్‌లో నిశ్శబ్దం.

ఆ వార్తనే ఇప్పుడైతే ఇలా వదులుతాను: "బస్టాండులో గురువారం రాత్రి ఒకరు రాయి విసరడంతో ఇద్దరికి స్వల్ప గాయాలయ్యాయి. ఆయన అయోమయంగా మాట్లాడుతుండటంతో ఆస్పత్రికి తరలించామని ఎస్సై చెప్పారు. వైద్యుల నివేదిక రావాల్సి ఉంది." హెడ్డింగ్: "బస్టాండులో రాయి విసిరిన ఘటన: ఇద్దరికి గాయాలు". పేరు తీసేశాను, ఎందుకంటే కారణమే తేలలేదు. జరిగినదంతా వార్తలో ఉంది. పోయింది మన తీర్పు ఒక్కటే. "అయోమయంగా మాట్లాడారు" అన్నది కంటికి, చెవికి తెలిసిన విషయం. "మతిస్థిమితం లేదు" అన్నది రోగ నిర్ధారణ. మొదటిది రిపోర్టర్ రాయొచ్చు, రెండోది రాయలేడు.

నిర్ధారణ నిజంగానే ఉందనుకోండి. అప్పుడు జబ్బును పేరుతో రాయండి: "స్కిజోఫ్రీనియాకు నాలుగేళ్లుగా చికిత్స తీసుకుంటున్నారని, రెండు నెలలుగా మందులు వాడటం లేదని ఆయన తమ్ముడు చెప్పారు." ఇందులో జబ్బుకు పేరుంది, చెప్పిన మనిషి ఉన్నాడు, కాలం ఉంది. పాఠకుడికి అసలు విషయం, అంటే మందులు ఆగాయన్నది, అందింది. "మతిస్థిమితం లేని" అని రాసి ఉంటే అది అందేది కాదు. అయితే ఇంట్లోవాళ్లు చెప్పారు కదా అని ఆ మనిషి పేరూ ఫొటోతో కలిపి వేసేయకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 24వ సెక్షన్ ప్రకారం మానసిక చికిత్సా కేంద్రంలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ, మరే సమాచారం గానీ ఆ వ్యక్తి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదు. ఆ ఒప్పుకోలు అన్నయ్యదో, తమ్ముడిదో అంటే చాలదు. ఆస్పత్రి వార్డులో తీసిన ఫొటో వాట్సాప్‌లో వచ్చినప్పుడల్లా నేను గుర్తుచేసే సెక్షన్ ఇదే.

స్కిజోఫ్రీనియా గురించి ఒక్క మాట. దాన్ని "ద్వంద్వ వ్యక్తిత్వం" అని తెలుగు చేయకండి. ఒక మనిషిలో ఇద్దరుండటం దాని లక్షణం కాదు. పేరు నుంచే పుట్టే ఇలాంటి అపోహల వల్లే జపాన్‌లో 2002లో ఆ జబ్బు పేరునే మార్చేశారు. "మనసు చీలిపోయే రోగం" అన్న అర్థం వచ్చే పాత పేరు చెప్పడానికి డాక్టర్లే వెనకాడేవారు. మనకు తెలుగులో మంచి మాట లేదు కాబట్టి స్కిజోఫ్రీనియా అనే రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించండి: లేని మాటలు వినిపించడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం వంటి లక్షణాలుండే జబ్బు. అది చాలు.

ఇప్పుడు తెలుగులో రోజూ జరిగే ఇంకో పొరపాటు. "మానసిక వికలాంగుడు" అన్న మాటతో మనం రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నాం. ఎదుగుదలలోనే మేధస్సు వెనకబడటం ఒకటి, డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు రావడం ఇంకొకటి. మొదటిది జబ్బు కాదు. చిన్నప్పటి నుంచీ ఉంటుంది, మందుతో పోయేది కాదు, నేర్పించే పద్ధతి మారితే మనిషి చాలా నేర్చుకుంటాడు. రెండోది ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్స ఉంది, చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూనే మందులు వాడుతుంటారు. చట్టం కూడా వీటిని వేరుగానే చూస్తుంది. 2017 చట్టంలో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలోనే, బుద్ధిమాంద్యం ఇందులోకి రాదని రాసి ఉంది.

మొదటిదానికి "మేధో వైకల్యం" అనండి. "బుద్ధిమాంద్యం" పాత మాట, పుస్తకాల్లో, సర్టిఫికెట్లలో ఇంకా కనిపిస్తుంది. మాంద్యం అంటే మందం, "మందబుద్ధి" తిట్టుకు అది అన్నయ్య. ఇంగ్లిష్‌లో దీనికి సమానమైన మాటను అమెరికా తన ఫెడరల్ చట్టాలు కొన్నిటిలోంచి 2010లో తీసేసింది. మన 1995 నాటి వికలాంగుల చట్టంలోనూ ఆ మాటే ఉండేది, 2016 చట్టం దాన్ని వదిలి మేధో వైకల్యం అనే అర్థం వచ్చే పదం తీసుకుంది. తమాషా ఏమిటంటే ఆ తర్వాతి ఏడాదే వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో మళ్లీ పాత మాటే పడింది. కాబట్టి "చట్టంలో ఉంది కదా" అన్న వాదన ఎవరైనా తెస్తే, ఏ చట్టంలో అని అడగండి.

రెండోదానికి "మానసిక అనారోగ్యం ఉన్న", లేదా జబ్బు పేరు. "మానసిక రోగి" అనొద్దు. డాక్టరు గదిలో ఆయన రోగి. బ్యాంకులో ఖాతాదారు, ఇంట్లో తండ్రి. మీ వార్త బ్యాంకు గురించయితే ఆయన్ని ఖాతాదారు అనాలి.

ఈ కలగాపులగం ఎంత దూరం పోతుందో చెబుతాను. "మానసిక వికలాంగురాలిపై అత్యాచారం" అన్న హెడ్డింగ్ మీరూ చూసే ఉంటారు. పేరు వేయలేదు కాబట్టి చట్టాన్ని పాటించామనుకుంటాం. కింద కాపీలో మండలం, ఊరు, వయసు ఉంటాయి. ఆ ఊళ్లో ఆ వయసులో మేధో వైకల్యం ఉన్న అమ్మాయి ఎందరుంటారు? ఒక్కరే. అంటే పేరు వేసినట్టే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ పేరు వేయడాన్ని మాత్రమే కాదు, ఆమె ఎవరో తెలిసేలా చేసే ఏ సంగతినైనా అచ్చువేయడాన్ని నేరమంటుంది, రెండేళ్ల దాకా జైలు. నా పద్ధతి ఏమిటంటే, వైకల్యం సంగతి రాస్తే ఊరు తీసేస్తాను, ఊరు తప్పనిసరైతే వైకల్యం తీసేస్తాను. రెండూ ఒకే వార్తలో పెట్టను. ఆమె సమ్మతి తెలపలేని స్థితిలో ఉందన్నది కేసుకు ముఖ్యమైనప్పుడు వైకల్యం ఉంచి, జిల్లా పేరుతో సరిపెడతాను. రిపోర్టర్లు గొణుగుతారు, "ఊరు లేకపోతే వార్త ఏముంది సార్" అని. గొణగనివ్వండి.

సరే, వికలాంగులా దివ్యాంగులా. "వికల" అంటే లోపించిన, చెడిన అని. వికలాంగుడు అంటే అవయవం చెడినవాడు. మాట మంచిదేం కాదు. పైగా చెవి వినపడనివారికీ, ఆటిజం ఉన్నవారికీ, తలసీమియా ఉన్నవారికీ అది అతకదు. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 ఉన్నాయి, వాటిలో సగానికి "అంగం"తో పనే లేదు. అయినా దశాబ్దాలుగా సంఘాలు ఆ పేరుతోనే పోరాడాయి, హక్కులు తెచ్చుకున్నాయి. ఉద్యమంలో నలిగిన మాటకు ఒక బలం వస్తుంది. అందుకే దాన్ని నేను నిషేధించను.

"దివ్యాంగ్" అన్నది 2015 డిసెంబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో సూచించిన మాట. తర్వాత కేంద్ర శాఖ హిందీ పేరులో చేరింది, మన పత్రికలు రాత్రికి రాత్రి పట్టుకున్నాయి. ఉద్దేశం గౌరవమే. అయితే వైకల్యం ఉన్నవాళ్లలో చాలామందికి అది నచ్చలేదు, ఆ సంగతి అప్పుడే బాహాటంగా చెప్పారు. వాళ్ల వాదన న్యాయమైనదే: మెట్లు ఎక్కలేక కిందే నిలబడ్డ మనిషిని దివ్యమైన అంగాలున్నవాడివి అంటే ర్యాంపు కట్టాల్సిన బాధ్యత ఎవరిది? భారత్ నివేదికను 2019లో పరిశీలించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ కూడా ఈ పదం వివాదాస్పదంగానే ఉందని ఎత్తిచూపింది. "విభిన్న ప్రతిభావంతులు"దీ అదే కథ. ప్రతిభ ఉందో లేదో మనకు తెలియదు, ఆయన పింఛను కోసం వచ్చాడు. పింఛను రావడానికి ప్రతిభ అక్కర్లేదు.

దీని తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: వైకల్యం అన్నదీ వికల నుంచే కదా పుట్టింది, తేడా ఏముంది? తేడా "ఉన్న"లో ఉంది. వికలాంగుడు అన్నప్పుడు మనిషి మొత్తం ఆ పదమైపోతాడు. "వైకల్యం ఉన్న లెక్చరర్" అన్నప్పుడు లెక్చరర్ మిగులుతారు. ఇంగ్లిష్ శైలి పుస్తకాల్లో "మనిషి ముందు, వైకల్యం తర్వాత" అని ఒక సూత్రం ఉంటుంది. తెలుగులో విశేషణం ఎప్పుడూ ముందే వస్తుంది కాబట్టి ఆ వరస మనకు కుదరదు. కొందరు అనువాదకులు ఆ సూత్రం కోసం "వ్యక్తులు, వైకల్యంతో కూడిన" అని తలకిందులు చేసి రాస్తుంటారు. అక్కర్లేదు. మనకు వరస కాదు ముఖ్యం, వాక్యం చివర ఏ నామవాచకం నిలబడిందన్నదే. అది రైతా, విద్యార్థా, ఓటరా, వికలాంగుడా?

గోడకు అంటించిన లిస్టు ఎందుకు పనిచేయలేదో ఇక్కడ చెప్పొచ్చు. లిస్టులో నామవాచకాలే ఉన్నాయి. అసలు దెబ్బ క్రియల్లో ఉంది.

కలెక్టరేట్‌లో వినతుల రోజు. చంకల్లో కర్రలతో నడిచే ఒక పోస్టుగ్రాడ్యుయేట్ వచ్చారు. కొత్త భవనంలో మరుగుదొడ్డి తలుపు వీల్‌చైర్ పట్టనంత ఇరుకుగా ఉందని, కొలత వేసుకొచ్చిన కాగితంతో సహా ఇచ్చారు. మా రిపోర్టర్ లిస్టు ప్రకారం "వైకల్యం ఉన్న యువకుడు" అనే రాశాడు. తర్వాతి వాక్యం: "తమను పట్టించుకునే నాథుడే లేడని వాపోయాడు. పరిశీలిస్తామని కలెక్టర్ హామీ ఇచ్చారు." ఇద్దరూ పెద్దమనుషులే, ఒకరు "వాపోయాడు", ఒకరు "ఇచ్చారు". పైగా ఆయన వాపోలేదు. కొలత చూపించి అడిగారు. "నాథుడే లేడు" అన్నది ఆయన మాట కూడా కాదు, మన దగ్గర అచ్చు పోసి పెట్టుకున్న వాక్యం. దిద్దాక ఇలా అయింది: "మరుగుదొడ్డి తలుపు వెడల్పు వీల్‌చైర్‌కు సరిపోవడం లేదని ఆయన కొలతలతో సహా కలెక్టర్‌కు వివరించారు." నామవాచకం కూడా అక్కర్లేకుండా పోయింది చూడండి.

కాబట్టి ఏకవచనం, బహువచనం చూసుకోండి. అదే పేజీలో అదే స్థాయి మనిషికి "చెప్పారు" అని రాస్తే ఇక్కడా "చెప్పారు" అనే రాయాలి. మేధో వైకల్యం ఉన్న ముప్పై ఏళ్ల మనిషిని "పాప", "బాబు", "చిన్నారి" అనకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు ఇది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను.

తర్వాత "బాధపడుతున్న". మనకిది ఊతపదం అయిపోయింది. పోలియోతో బాధపడుతున్న, ఆటిజంతో బాధపడుతున్న, చెవుడుతో బాధపడుతున్న. మనిషి బాధపడుతున్నట్టు మీతో అన్నారా? లేకపోతే "ఉన్న" అని రాయండి. దృశ్య మాధ్యమాల్లో వైకల్యాన్ని చూపించే తీరుపై 2024 జులైలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా "బాధపడుతున్న", "బాధితులు" అనే అర్థం వచ్చే మాటలు మానుకోవాలంది. ఎదురయ్యే అడ్డంకులను పక్కనపెట్టి కష్టమంతా ఆ మనిషి ఒంట్లోనే ఉన్నట్టు చూపిస్తాయని ఆ తీర్పు ఉద్దేశం. "చక్రాల కుర్చీకే పరిమితమైన" కూడా అలాంటిదే. కుర్చీ ఆయన్ని కట్టేయలేదు, బయటికి తెచ్చింది. కుర్చీ లేకపోతే మంచానికి పరిమితం.

దీనికి అవతలి అంచు "విధి వెక్కిరించినా", "వైకల్యాన్ని జయించి", "లోపాన్ని లెక్కచేయక". పదో తరగతి ఫలితాల రోజు ఇవి కట్టలు కట్టలుగా వస్తాయి. చూపు లేని అమ్మాయికి 540 మార్కులు వస్తే, ఆమె ఎలా చదివిందో రాయండి: బ్రెయిల్ పుస్తకాలు ఎప్పుడందాయి, పరీక్షకు సహాయకుడు దొరికాడా, లెక్కల్లో బొమ్మలు ఎలా నేర్చుకుంది. నిజమైన కథ అక్కడుంది. విధి ఏ పరీక్ష కేంద్రంలోనూ కనబడలేదు.

కొన్ని మాటలు త్వరగా. "మూగ, చెవిటి" జంటగా రాయకండి. వినపడనివారిలో చాలామందికి గొంతు ఉంది, కొందరు మాట్లాడతారు, చాలామంది సంజ్ఞా భాషలో మాట్లాడతారు. వాళ్లకు భాష ఉంది కాబట్టి మూగ అనలేం. "బధిరులు" సరిపోతుంది, కొంత వినపడేవారికి "వినికిడి లోపం ఉన్నవారు". పోల్చాల్సి వస్తే "మామూలు మనుషులు", "నార్మల్ పిల్లలు" కాదు, "వైకల్యం లేనివారు". సర్కారీ కాగితాల్లో "సకలాంగులు" ఉంటుంది, వినడానికే వింతగా ఉంటుంది, మన వాక్యంలో అక్కర్లేదు. "40 శాతం వికలాంగుడు" అని రాస్తుంటారు, మనిషి శాతాల్లో ఉండడు. "40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం ఉంది" అనండి. "కుంటిసాకు", "గుడ్డి నమ్మకం" లాంటివి ఏం చేయాలని అడుగుతారు. నేను సాధ్యమైనంత వరకు తీసేస్తాను, "సాకు", "మూఢ నమ్మకం" అంటే నష్టమేం లేదు. కానీ "పనులు కుంటుపడ్డాయి" దగ్గర నేనే చాలాసార్లు వదిలేశాను. అక్కడ యుద్ధం చేయను. ఒక నేత ఇంకో నేతను "నీకు పిచ్చి" అన్నాడనుకోండి, ఆ మాటే వార్త అయితే లోపల కోట్‌లో ఒక్కసారి వేయండి. హెడ్డింగ్‌లోకి ఎక్కించకండి.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు. ఒక లెక్చరర్ ఇంటర్వ్యూ దిద్దుతూ ఆయన్ని "దృష్టి లోపం ఉన్న" అని మార్చాను. అచ్చయ్యాక ఆయనే ఫోన్ చేశారు. "నాకు దృష్టిలో లోపం లేదండీ, దృష్టే లేదు. అంధుణ్ని అనే రాయండి, నాకేం చిన్నతనం కాదు" అన్నారు. సంకోచం నాది, దాన్ని ఆయన నెత్తిన రుద్దాను. మనిషి అందుబాటులో ఉంటే అడగండి. "మీ గురించి ఏమని రాయమంటారు?" అని అడగడానికి పది సెకన్లు పట్టదు. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరు "ఆటిజం ఉన్న" కాదు, "ఆటిస్టిక్" అనే అనిపించుకోవాలనుకుంటారు, అది తమ నుంచి విడదీసి చెప్పే సంగతి కాదని. వాళ్ల మాటే చెల్లుతుంది. అయితే అది ఆ మనిషి వార్త వరకే. ఆయన తనను తాను "గుడ్డోణ్ని" అని నవ్వుతూ చెప్పుకుంటే కోట్‌లో ఉంచండి, దాన్ని చూపించి పక్క వార్తలో ఇంకొకరిని అలా అనే హక్కు మనకు రాదు.

మీది వెబ్ పత్రిక కాబట్టి చివరగా ఒక పని. వార్త దిద్దినప్పుడు మాట ఒక్కచోటే ఉండదు. హెడ్డింగ్ మారుస్తారు, ఫొటో కింద క్యాప్షన్‌లో అదే ఉంటుంది, ట్యాగుల్లో ఉంటుంది, ఫేస్‌బుక్‌లో షేర్ అయినప్పుడు కనబడే కార్డు మీద ఉంటుంది, వెబ్ అడ్రసులో ఉంటుంది. ఆ చక్కెర పడిపోయిన మనిషి విషయంలో మేం మర్నాడు సవరణ వేశాం, లోపలి పేజీలో నాలుగు లైన్లు. వెబ్‌లో హెడ్డింగ్ కూడా మార్చాం. నాలుగేళ్ల తర్వాత ఆ కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. చెల్లెలికి సంబంధం చూస్తున్నారు, అవతలివాళ్లు తండ్రి పేరు కొట్టి చూశారు. వార్త తెరిస్తే అంతా బాగానే ఉంది. తెరవకముందే కనిపించే అడ్రసు మాత్రం మొదటి రాత్రి నేను పెట్టినదే: `mathisthimitham-leni-vyakthi-daadi`. ఆ సాయంత్రమే దాన్ని మార్పించి, పాత లింకు కొత్తదానికి వెళ్లేలా చేయించాను. సెర్చ్ ఫలితాల్లోంచి అది పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.